మూడు చుక్కలు ఏ మూలన ఉన్నాయి?

కాకినాడలో ఉండే పిన్ని హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అక్క కొడుక్కి వాట్సాప్‌లో ఓ మెసేజ్ పెట్టిందనుకుందాం. "ఒరేయ్ నాన్నా, కొత్త శాంసంగ్ ఫోను కొన్నాం. పాత ఫోన్లో ఉన్న వాట్సాప్ మెసేజ్‌లూ ఫొటోలూ అన్నీ ఇందులోకి రావాలి. ఏం చెయ్యాలో చెప్పు."

పాత ఫోను ఏ రకమో ఆవిడ చెప్పలేదు, ఇతను అడగలేదు. మన దేశంలో జనం వాడే స్మార్ట్‌ఫోన్లలో పదింట తొమ్మిదికి పైగా ఆండ్రాయిడ్‌వే. పిన్నిదీ అదే అయ్యుంటుందని అనుకున్నాడు. ఆ ఊహలో తప్పేమీ లేదు. ప్రతి చిన్నదానికీ నాలుగు ప్రశ్నలు వేస్తే అడిగినవాళ్లకు విసుగొస్తుంది. అతను వెంటనే జవాబిచ్చాడు: "పాత ఫోన్లో వాట్సాప్ తెరిచి పైన మూడు చుక్కలు నొక్కు. Settings, అందులో Chats, అందులో Chat backup. అక్కడ బ్యాకప్ తీసుకో. కొత్త ఫోన్లో అదే నంబరు, అదే గూగుల్ అకౌంట్ ఇస్తే అన్నీ వచ్చేస్తాయి."

ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి మారేవాళ్లకు ఇది సరైన సలహాయే. లోటల్లా ఒక్కటి: తాను ఊహించి చెబుతున్నానన్న మాట అందులో ఎక్కడా లేదు. "ఆండ్రాయిడ్ అనుకుని చెబుతున్నా, కుడివైపు పైమూల మూడు చుక్కలు లేకపోతే అక్కడే ఆగి నాకు చెప్పు" అని ఒక్క వాక్యం కలిపి ఉంటే తర్వాతి సగం తిప్పలు తప్పేవి. ఆ వాక్యం ఉంటే ఊహ పొరపాటైన క్షణంలోనే అవతలివాళ్లకు తెలుస్తుంది. లేకపోతే లోపం తమలోనే ఉందనుకుని తెరంతా తడుముకుంటారు.

పది నిమిషాల తర్వాత పిన్ని నుంచి జవాబు: "చుక్కలు ఉన్నాయిరా. నొక్కితే Select chats, Read all అని వచ్చింది గానీ Settings లేదు."

గమ్మత్తంతా ఇక్కడే ఉంది. పైకి చూస్తే ఈ జవాబు ఊహను బలపరిచినట్టే ఉంటుంది. చుక్కలు ఉన్నాయంటోంది కదా! కానీ ఐఫోన్ వాట్సాప్‌లో కూడా ఈమధ్య మూడు చుక్కలు పెట్టారు. అవి ఎడమవైపు పైమూల చిన్న గుండ్రంలో ఉంటాయి, నొక్కితే అలాంటి ఒకటి రెండు పనులే వస్తాయి. ఐఫోన్‌లో Settings దొరికేది తెర కింది వరుసలో. ఆండ్రాయిడ్‌లో చుక్కలుండేది కుడివైపు పైమూల, వాటిలో Settings తప్పకుండా ఉంటుంది. అంటే "చుక్కలు ఉన్నాయి" అన్న మాటకు విలువ తక్కువ, ఎందుకంటే అది రెండింట్లోనూ నిజమే. "Settings లేదు" అన్నదే అసలు ఆధారం. చాలామంది మొదటి సగం చదివి తృప్తిపడి, రెండో సగాన్ని పిన్ని చూపు మీదికి నెట్టేస్తారు.

మన కుర్రాడూ అదే చేశాడు. "సరిగ్గా చూడు పిన్నీ, కిందికి జరుపు. లేకపోతే వాట్సాప్ అప్‌డేట్ చేసి చూడు" అన్నాడు. ఊహకు పొసగని సమాచారం వచ్చినప్పుడు ఊహను కదపకుండా దాని చుట్టూ చిన్న చిన్న సాకులు అల్లడం మనిషికి అలవాటు. పాత వెర్షన్ అయ్యుంటుంది, ఆవిడకు కనపడలేదేమో, కంపెనీవాళ్లు మెనూ మార్చారేమో. ఒక్కొక్కటీ నమ్మదగ్గదే. రెండో సాకు అవసరం పడిందంటే మాత్రం మొదటి ఊహను తిరగేసి చూడాలి. ఫోను సహాయంలో నేను పెట్టే లెక్క ఇదే: ఒకసారి తేడా వస్తే అడగాలి, రెండోసారీ వస్తే ఆగాలి.

మూడో మెసేజ్ ఇంకా ప్రమాదమైంది. "దొరికిందిరా! Settings కింద ఉంది. Chatsలో Chat backup కూడా ఉంది. బ్యాకప్ అయిపోయింది. ఈ ఫోను మీ బాబాయి తీసుకుంటానంటున్నారు, అంతా చెరిపి ఇచ్చేయనా?"

రెండు రకాల ఫోన్లలోనూ పేర్లు దాదాపు ఒకటే. పని అయిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఐఫోన్‌లో తీసిన బ్యాకప్ ఆపిల్ వారి ఐక్లౌడ్‌లోకి పోతుంది. శాంసంగ్‌లో వాట్సాప్ వెతికేది గూగుల్ అకౌంట్‌లో. ఐక్లౌడ్‌లోని వాట్సాప్ బ్యాకప్‌ను ఆండ్రాయిడ్ ఫోను తెరవలేదు. ఇప్పుడు "ఆఁ, చెరిపెయ్" అన్నాడా, ఏళ్ల తరబడి దాచుకున్న మెసేజ్‌లు కొత్త ఫోన్లోకి ఎన్నటికీ రావు. మరో ఐఫోన్ తెచ్చుకుంటే తప్ప అవి తెరుచుకోవు.

"Settings కింద ఉంది" అన్న మాట దగ్గర అతనికి వెలిగింది. అప్పుడు పంపిన మెసేజ్ ఇది:

"పిన్నీ, ఆగు. పాత ఫోన్లో ఏదీ చెరపకు, వాట్సాప్ తీసెయ్యకు. నీది ఆండ్రాయిడ్ అనుకుని చెప్పాను. Settings కింద ఉందంటే ఐఫోన్ అయ్యుండాలి. అలా అయితే ఆ బ్యాకప్ శాంసంగ్‌లో తెరుచుకోదు. దానివల్ల నష్టమేమీ లేదు, అలా ఉండనీ. పాత ఫోన్లో యాప్‌లు దించుకునేది Play Storeలోనా, App Storeలోనా?"

ఈ మెసేజ్ నాకు నచ్చడానికి కారణం దాని వరుస. ముందు వచ్చింది ఆపమన్న మాట, ఎందుకంటే అవతలివాళ్లు ఎప్పుడైనా వేలు నొక్కేయవచ్చు. సంజాయిషీతో మొదలుపెట్టి ఉంటే అది చదివేలోపే ఫోను ఖాళీ అయ్యేది. తర్వాత ఏమనుకున్నాడో, ఏ మాటవల్ల మనసు మార్చుకున్నాడో ఒక్కో వాక్యంలో చెప్పాడు. ఆ కారణం చెప్పడం ముఖ్యం. పిన్ని దాన్ని తన తెర మీద సరిచూసుకోగలదు, కాదంటే కాదనగలదు. ఆ తర్వాత, అప్పటిదాకా చేసిన పని ఏమవుతుందో తేల్చాడు: బ్యాకప్ పనికిరాదు, హానీ చెయ్యదు. ఇది చెప్పకపోతే ఆవిడ దాన్ని ఎలా తీసెయ్యాలా అని మరో గంట తంటాలు పడుతుంది. "అయ్యో సారీ పిన్నీ, నా బుర్ర పనిచెయ్యలేదు" అని నాలుగు లైన్లు రాయలేదు. అలా రాస్తే ఓదార్చే పని ఆవిడ మీద పడుతుంది. పాత సలహాను ఏమీ ఎరగనట్టు వదిలేసి, కొత్తది మొదలుపెట్టనూ లేదు. అలా చేస్తే పిన్ని దగ్గర ఒకదానికొకటి పొసగని రెండు సలహాలుంటాయి, వాటిలో ఏది రద్దయిందో ఆవిడకు తెలియదు.

చివరి ప్రశ్న కూడా చూడండి. "ఐఫోనా?" అని అడగలేదు. ఫోను పేరు అడిగితే కొందరు పౌచ్ మీద అచ్చువేసిన పేరు చెబుతారు. చార్జింగ్ పిన్ను ఆకారం ఒకప్పుడు మంచి గుర్తే గానీ, 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి ఆపిల్ కూడా టైప్-సి పిన్నుకే మారింది. జీమెయిల్, గూగుల్ ఫొటోస్ రెండింట్లోనూ ఉంటాయి. Play Store మాత్రం ఐఫోన్‌లో ఉండదు. తేల్చే ప్రశ్న అంటే రెండు రకాల ఫోన్లలోనూ ఒకే జవాబు రాని ప్రశ్న.

"App Storeరా. మీ తమ్ముడు అమెరికా నుంచి వచ్చినప్పుడు ఇచ్చిన ఫోను కదా, మర్చిపోయావా?"

ఇక దారి తేలిపోయింది. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి మెసేజ్‌లు పంపే సౌకర్యాన్ని వాట్సాప్ 2021లో మొదట శాంసంగ్ ఫోన్లకే ఇచ్చింది. ఐఫోన్ వాట్సాప్‌లో Settings, Chats తెరిస్తే మెసేజ్‌లను ఆండ్రాయిడ్‌కి తరలించే వరుస విడిగా కనిపిస్తుంది. రెండు ఫోన్లనూ కేబుల్‌తో కలిపి, కొత్త ఫోను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడు పాతదాని నుంచి సమాచారం తెచ్చుకోమనాలి. శాంసంగ్‌లో ఆ పని Smart Switch చూసుకుంటుంది. సౌకర్యం వచ్చినప్పటి నిబంధన ప్రకారం కొత్త ఫోను పెట్టె విప్పినప్పటి స్థితిలో ఉండాలి, లేదా ఫ్యాక్టరీ రీసెట్ చేసి ఆ స్థితికి తేవాలి. ఫోను నంబరు మారకూడదు. వెర్షన్‌ను బట్టి తెర మీది మాటలు కొంచెం మారుతుంటాయి కాబట్టి అక్కడ కనిపించే సూచనలనే అనుసరించడం మేలు.

అంతా కుదురుకుందనుకుంటుండగా ఇంకో మెసేజ్: "Play Storeలో వాట్సాప్ అప్‌డేట్ చెయ్యమంటోందిరా."

ఇప్పుడేం చెయ్యాలి? ఐఫోన్‌లో Play Store ఉండదని ఇందాకే అనుకున్నాం. ఒకసారి ఊహ మార్చుకున్నవాళ్లు చాలాసార్లు ఇక్కడ తొందరపడి మళ్లీ ఆండ్రాయిడ్‌కి దూకేస్తారు. నిజానికి ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. పిన్ని చేతిలో రెండు ఫోన్లున్నాయి, ఈ మాట కొత్తదాని గురించి. ఊహను మనిషికి కట్టకుండా ఒక్కో ఫోనుకూ విడిగా కట్టాలి. ఇంట్లో ఒక కంప్యూటరు కూడా ఉంటే మూడోది చేరుతుంది. కంప్యూటర్లో తెరిచే వాట్సాప్‌లోనూ మూడు చుక్కలుంటాయి, Settingsలో Chats కూడా ఉంటుంది, Chat backup మాత్రం ఉండదు. పరికరాలు కలగలిసిపోతే వచ్చే జవాబులు ఏ ఒక్క ఫోనుకూ అతకవు. అలాంటప్పుడు ఊహను మార్చేముందు "ఇది ఏ ఫోన్లో కనిపిస్తోంది?" అని అడగాలి. ఆ తర్వాత ప్రతి సూచనకూ ముందు "పాతదాంట్లో", "కొత్తదాంట్లో" అని రాయాలి. మన కుర్రాడు అప్పటి నుంచి అలాగే రాశాడు.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాడు: తరలింపు మొదలయ్యేదాకా కొత్త ఫోన్లో వాట్సాప్ తెరిచి నంబరు ఇవ్వొద్దన్నాడు. అలా ఇస్తే పాతదాంట్లో లాగౌట్ అవుతుంది. ఆవిడకు అప్పటికే శాంసంగ్‌లో జీమెయిల్ పెట్టడం అయిపోయింది. కొత్త ఫోనులో ఇంకా ఏమీ చేరలేదు కాబట్టి రీసెట్ చేస్తే పోయేదేమీ లేదని అతను ముందు అడిగి నిర్ధారించుకున్నాడు, ఆ తర్వాతే రీసెట్ చెయ్యమన్నాడు.

తరలింపు పూర్తయ్యాక కాల్ చరిత్ర రాదని కూడా ముందే చెప్పి ఉంచాడు. లేకపోతే అది కనిపించక ఆవిడ మొత్తం పని చెడిపోయిందనుకునేది. కొత్త ఫోన్లో రెండు మూడేళ్ల నాటి సంభాషణ ఒకటి తెరిచి, అందులో ఒక ఫొటో నొక్కి, అది పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడమన్నాడు. గ్రూపు ఒకటి, విడి సంభాషణ ఒకటి అలా చూశాక గానీ పాత ఫోన్ను చెరిపి బాబాయికి ఇవ్వొద్దన్నాడు.