మేమూ కొండెక్కాం, చార్జింగూ కొండెక్కింది

ఆదివారం సాయంత్రానికి కాలేజీ పిల్లల ఇన్‌స్టాగ్రామ్ నిండా కొండలే. పాడేరు దగ్గరి వంజంగి కొండను చీకట్లోనే ఎక్కి, తెల్లవారుతుండగా లోయంతా పరుచుకున్న మేఘాలు చూసి దిగిన బృందం, ఫోన్లలో ఉన్నవన్నీ ఒకేసారి గుమ్మరిస్తుంది. ఫొటో డంప్ అంటే అదే. ఒక పోస్టులో ఇదివరకు 10 ఫొటోలే పట్టేవి. 2024 నుంచి 20 దాకా పెట్టుకోవచ్చు. ఫొటోలు ఎలాగోలా తేలతాయి కానీ, వాటి కింద రాయాల్సిన ఒక్క క్యాప్షన్ దగ్గర అందరూ ఆగిపోతారు.

చివరికి 'ప్రకృతి ఒడిలో మరపురాని క్షణాలు' అని పెట్టేస్తారు. అది అరకు ఫొటోకీ సరిపోతుంది, అమ్మమ్మగారి ఊరి చెరువుకీ సరిపోతుంది. పైగా మేఘాలు ఫొటోలోనే ఉన్నాయి. కళ్ల ముందున్నదాన్నే మళ్లీ చెబితే నవ్వెందుకొస్తుంది? ఫొటోలో పడనిది చెప్పాలి.

ఉదాహరణకు, దారంతా ఫోన్ టార్చి వేసుకుని నడిచిన అమ్మాయికి పైకి చేరేసరికి చార్జింగ్ అయిపోయిందనుకుందాం. మొదట ఆమె ఇలా రాస్తుంది: 'టార్చి వాడటం వల్ల నా ఫోన్ ఆఫ్ అయిపోయింది, అందుకే ఇవన్నీ ఫ్రెండ్స్ తీసిన ఫొటోలు.' ఇది సంజాయిషీ. కారణం కొట్టేస్తే 'మేఘాలొచ్చాయి, చార్జింగ్ పోయింది' అని మిగులుతుంది. ఇప్పుడు కాస్త కదలిక వచ్చింది. ఇంకొంచెం తిప్పితే 'మేమూ కొండెక్కాం, చార్జింగూ కొండెక్కింది.' దీపం ఆరిపోతే కొండెక్కిందనే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇక వివరణ అక్కర్లేదు. పక్కన నాలుగు నవ్వు బొమ్మలూ అక్కర్లేదు. అవి పెడితే నవ్వమని బతిమాలినట్టుంటుంది.

క్యాప్షన్‌లో 2,200 అక్షరాల దాకా రాయొచ్చు, కానీ ఫీడ్‌లో మొదటి ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి. మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అంత ఓపిక ఎవరికుంది? అలాగే క్యాప్షన్‌ను జనం మొదటి ఫొటోతో కలిపి చదువుతారు. తొమ్మిదో ఫొటోలో బండరాయి మీద కూలబడినవాడి గురించి జోకు వేస్తే, అక్కడిదాకా ఎవరూ జరపరు. ఆ ఫొటోను రెండో స్థానానికి తేవాలి, లేదా జోకు మార్చాలి.

కూలబడినవాడి పేరు ట్యాగ్ చేసే ముందు వాడినే అడగాలి. ఇంట్లో గ్రూప్ స్టడీ అని చెప్పి వచ్చాడేమో! నన్నడిగితే, ఎగతాళి ఎప్పుడూ పోస్టు పెట్టేవాళ్ల మీదే ఉండటం మేలు.

పోస్టు చేసే ముందు క్యాప్షన్‌ను మొదటి ఫొటోతో పాటు, ట్రెక్‌కు రాని స్నేహితుడికి పంపండి. 'అంటే ఏంట్రా?' అని అడిగితే మార్చేయండి.