మైనస్ 2.28 మైనస్ 1.00 ఎలా అయింది?

తరగతిలో పిల్లలు తక్కువైతే చదువు బాగుపడుతుందా? ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబు వెతికిన ఒక పట్టిక, ప్రపంచమంతటా ఎకనామెట్రిక్స్ పాఠం మొదలుపెట్టే విద్యార్థులకు బాగా పరిచయం. జేమ్స్ స్టాక్, మార్క్ వాట్సన్ రాసిన పాఠ్యపుస్తకంలోది అది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 420 స్కూల్ డిస్ట్రిక్టులు తీసుకుని, ఒక్కో డిస్ట్రిక్టులో ఐదో తరగతి పిల్లల సగటు మార్కులు ఎన్ని, ఒక్కో టీచరుకు ఎంతమంది పిల్లలు ఉన్నారు అని చూశారు. లెక్కలు 1990ల చివరివి. ఆ పట్టికను స్లైడు మీద వేస్తే దాదాపు ఇలా ఉంటుంది:

```
                          (1)       (2)       (3)
టీచరుకు పిల్లల సంఖ్య       -2.28     -1.10     -1.00
                         (0.52)    (0.43)    (0.27)
ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవారి %        -0.65     -0.122
                                   (0.031)   (0.033)
లంచ్ రాయితీ పొందేవారి %                       -0.547
                                             (0.024)
R²                       0.051     0.426     0.775
n                        420       420       420
```

స్లైడు తెర మీద ఉండేది అర నిమిషమే. అందుకే చాలామంది కళ్లు నేరుగా కింద ఉన్న పెద్ద అంకె మీదికి, అంటే 0.775 మీదికి పోతాయి. ఈ పట్టికను కింది నుంచి కాదు, ఎడమ పైమూల నుంచి చదవాలి.

మొదటి నిలువు వరుసలో కనిపించే మైనస్ 2.28ని కోఎఫిషియెంట్ అంటారు. టీచరుకు ఒక విద్యార్థి ఎక్కువగా ఉన్న డిస్ట్రిక్టులో సగటు మార్కులు 2.28 తక్కువగా కనిపిస్తున్నాయని దానర్థం. ఇద్దరు ఎక్కువైతే తేడా 4.56. ఇది పెద్ద తేడానా, చిన్నదా? కోఎఫిషియెంట్ ఒక్కటే చూస్తే తెలియదు. దేన్ని ఏ కొలతలో కొలిచారో పక్కనే పెట్టుకుని చూడాలి. ఈ డిస్ట్రిక్టుల సగటు మార్కులు సుమారు 654. ఒక డిస్ట్రిక్టుకీ మరోదానికీ ఉండే మామూలు హెచ్చుతగ్గు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, సుమారు 19. ఆ 19 పక్కన పెడితే నాలుగున్నర మార్కుల తేడా మరీ పెద్దదేమీ కాదు, అలాగని కొట్టిపారేయదగ్గదీ కాదు.

ఇక బ్రాకెట్లోని 0.52. దీని పేరు స్టాండర్డ్ ఎర్రర్. పేరులో ఎర్రర్ ఉంది కాబట్టి ఎవరో లెక్క తప్పు చేశారని అనుకోకూడదు. ఇలాంటి మరో 420 డిస్ట్రిక్టులు దొరికి మళ్లీ లెక్క కడితే సరిగ్గా 2.28 రాదు, కాస్త అటో ఇటో వస్తుంది. ఆ ఊగిసలాట ఏ మేరకు ఉంటుందో బ్రాకెట్లోని అంకె అంచనా వేస్తుంది. దాన్ని వాడుకోవడానికి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. స్టాండర్డ్ ఎర్రర్‌ను రెట్టింపు చేసి కోఎఫిషియెంట్‌కు రెండు వైపులా వేసుకుంటే చాలు. 0.52కి రెట్టింపు 1.04. అంటే అసలు విలువ మైనస్ 3.3, మైనస్ 1.2 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఇలా గీసుకున్న పరిధులు నూటికి సుమారు 95 సార్లు అసలు విలువను పట్టుకుంటాయి. ఈ పరిధిలో సున్నా లేదు. కాబట్టి కనబడిన సంబంధం కేవలం యాదృచ్ఛికమని తోసేయలేం. కొన్ని పట్టికల్లో అంకె పక్కన కనిపించే చుక్క గుర్తులు చెప్పేది ఇంతే. తేడా సున్నా కాదేమో అంటాయి తప్ప, ఆ తేడా పెద్దదని గానీ ముఖ్యమైనదని గానీ అనవు.

అసలు కథ రెండో నిలువు వరుసలో ఉంది. అక్కడ అదే కోఎఫిషియెంట్ మైనస్ 1.10 అయింది, అంటే సగానికి పైగా తగ్గింది. డేటా మారలేదు, డిస్ట్రిక్టులు మారలేదు. ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లల శాతం అనే కొత్త అడ్డువరుస ఒక్కటే చేరింది. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు ఎక్కువగా ఉన్న డిస్ట్రిక్టుల్లో తరగతులు కూడా కాస్త పెద్దవి. పరీక్ష ఇంగ్లిష్‌లో కాబట్టి ఆ పిల్లలకు మార్కులు తక్కువ. మొదటి నిలువు వరుస ఈ రెండింటినీ విడదీయలేక, భాష వల్ల తగ్గిన మార్కుల భారాన్ని కూడా తరగతి నెత్తినే వేసింది. ఇంగ్లిష్ నేర్చుకునేవారి శాతం సమానంగా ఉన్న డిస్ట్రిక్టులను ఒకదానితో ఒకటి పోలిస్తే మిగిలే తేడాయే 1.10. స్లైడు మీద ఒకే నిలువు వరుస చూపించి ఊరుకున్నవారిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఇంకేం చేరిస్తే ఈ అంకె కదులుతుంది?

మూడో నిలువు వరుసలో లంచ్ రాయితీ పొందే పిల్లల శాతం, అంటే పేదరికానికి ఒక కొలత, చేరింది. కోఎఫిషియెంట్ 1.10 నుంచి 1.00కి వచ్చి దాదాపు నిలబడింది. బ్రాకెట్లోని అంకె మాత్రం 0.43 నుంచి 0.27కి పడిపోయింది. మార్కుల హెచ్చుతగ్గుల్లో పెద్ద భాగాన్ని పేదరికం వివరించేయడంతో మిగిలిన గందరగోళం తగ్గి, తరగతి ప్రభావం మరింత స్పష్టంగా కనిపించింది.

ఇక్కడే ఒక ఉచ్చు కూడా ఉంది. 1.00 అంకె 0.547 కంటే పెద్దది కదా, అందుకని పేదరికం కంటే తరగతి పరిమాణమే ముఖ్యమనిపిస్తుంది. అది పొరపాటు. టీచరుకు పిల్లల సంఖ్య ఈ డిస్ట్రిక్టుల్లో సుమారు 14 నుంచి 26 దాకానే మారుతుంది; మామూలు హెచ్చుతగ్గు ఇద్దరికి మించదు. లంచ్ రాయితీ శాతం సున్నా నుంచి నూరు దాకా పోతుంది. దాని మామూలు హెచ్చుతగ్గు 27 శాతం. ఇద్దరిని 1.00తో గుణిస్తే 2 మార్కులు. ఇరవై ఏడును 0.547తో గుణిస్తే దాదాపు 15 మార్కులు. కొలతలు వేరైనప్పుడు కోఎఫిషియెంట్లను పక్కపక్కన పెట్టి పోల్చడం కిలోలనూ గ్రాములనూ ఒకే కాటాలో వేసినట్టే.

చివరికి కళ్లు మొదట పరుగెత్తిన చోటికి, ఆర్ స్క్వేర్డ్ దగ్గరికి వద్దాం. డిస్ట్రిక్టుల మార్కుల మధ్య ఉన్న తేడాల్లో ఎంత భాగాన్ని పట్టికలోని అంశాలు వివరించాయో అది చెబుతుంది. ఒక్క తరగతి పరిమాణంతో 5 శాతం, మూడూ కలిస్తే 77 శాతం. కొత్త అడ్డువరుస ఏది చేర్చినా ఈ అంకె పెరుగుతుందే తప్ప తగ్గదు. అందుకే చాలా స్లైడ్లలో వరుసల సంఖ్యను బట్టి కాస్త కోత వేసే అడ్జస్టెడ్ రూపాన్ని చూపిస్తారు. ఏదైనా, అంకె పెద్దదైనంత మాత్రాన తరగతి తగ్గిస్తే మార్కులు పెరుగుతాయని రుజువైపోదు. తల్లిదండ్రుల చదువు, ఇంటి వాతావరణం లాంటివి పట్టికలో లేకుండానే తరగతి కోఎఫిషియెంట్‌ను పక్కకు లాగుతూ ఉండవచ్చు.

దీనికి మంచి పోలిక టెనెసీ రాష్ట్రంలో 1985లో మొదలైన స్టార్ ప్రయోగం. అక్కడ ఏ బిడ్డ 13 నుంచి 17 మంది ఉండే చిన్న తరగతిలో కూర్చోవాలో, ఎవరు 22 నుంచి 25 మంది ఉండే మామూలు తరగతిలో కూర్చోవాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. లాటరీకి ఇంటి ఆదాయం తెలియదు, ఇంటి భాషా తెలియదు. కిండర్‌గార్టెన్ ఫలితాలను అదే పాఠ్యపుస్తకం రిగ్రెషన్‌గా చూపిస్తుంది: చిన్న తరగతి కోఎఫిషియెంట్ 13.9 మార్కులు, బ్రాకెట్లో 2.45. టీచరు అనుభవాన్ని కొత్త అడ్డువరుసగా చేర్చినా అది 14.0 అయిందంతే. ఆ మొదటి నిలువు వరుస కింద ఆర్ స్క్వేర్డ్ 0.01. పిల్లల మార్కుల్లోని తేడాల్లో నూటికి ఒక్క వంతే తరగతి పరిమాణం వివరిస్తుంది. అయినా చిన్న తరగతి ప్రభావం ఎంత అన్న ప్రశ్నకు, 0.775 ఉన్న కాలిఫోర్నియా పట్టిక కంటే ఈ 0.01 పట్టికే గట్టి సాక్ష్యం.