ముందు గోడ, ఆ తర్వాతే బొమ్మ

పోస్టర్లు, పెయింటింగులు అమ్మేవాళ్లకు ఈమధ్య తరచూ ఎదురయ్యే కోరిక ఒకటుంది. కొనేవాళ్లు తమ హాలు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, "ఈ గోడకు మీ పోస్టర్ పెడితే ఎలా ఉంటుందో చూపిస్తారా?" అని అడుగుతారు. ఫోటోషాప్ తెలిసినవాళ్లకు ఇది చిటికెలో పని. పోస్టర్‌ని ఫోటో మీద వేసి, నాలుగు మూలలూ గోడ వాలుకు తగ్గట్టు లాగితే చాలు. చూడ్డానికి నమ్మేలాగానే ఉంటుంది. అయితే ఆ పోస్టర్ రెండడుగులదో మూడడుగులదో ఆ ఫోటో చెప్పదు. లాగిన చెయ్యి ఎక్కడ ఆగితే అదే సైజు. దాన్ని చూసి డబ్బు కట్టినాయన, పార్సిల్ విప్పాక "ఇంత చిన్నదా!" అంటాడు.

ఇక్కడ కన్ను ఎందుకు మోసపోతుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. పక్కనుంచి తీసిన ఫోటోలో మనకు దగ్గరగా ఉన్న గోడ అంచు 2000 పిక్సెళ్ల ఎత్తు, దూరపు అంచు 1000 పిక్సెళ్ల ఎత్తు ఉన్నాయనుకుందాం. రెంటి మధ్య దూరం ఫోటోలో 1200 పిక్సెళ్లు. గోడకు నడిమధ్య ఎక్కడంటే 600 దగ్గర అంటాం. నిజానికి అది దగ్గరి అంచు నుంచి 800 పిక్సెళ్ల దగ్గర ఉంటుంది. గోడలో ముందు సగం 800 పిక్సెళ్లు ఆక్రమిస్తే, వెనక సగం 400లోనే ఇమిడిపోతుంది. ఎదురుగా చూస్తే రెండడుగుల వెడల్పున్న పోస్టర్, ఈ గోడ మీద ఎక్కడ పెడితే ఎంతగా కుంచించుకుపోవాలో చేత్తో అంచనా కట్టడం అయ్యే పని కాదు.

అందుకని పోస్టర్‌ని వంచే ఆలోచన మానుకుని, గోడనే వంచాలి. గోడంత కొలతతో ఒక ఖాళీ కాగితం తయారుచేసి, పోస్టర్‌ని దానిమీద అసలు సైజులో పెట్టి, ఆ కాగితం మొత్తాన్నీ ఫోటోలోని గోడకు అతికించాలి. అప్పుడు పోస్టర్ ఎంత వంగాలో, ఎంత చిన్నది కావాలో దానంతటదే తేలిపోతుంది.

ఉదాహరణకు పన్నెండడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న గోడ తీసుకుందాం. అంటే 144 అంగుళాలకు 120. అంగుళానికి 20 పిక్సెళ్లు పెట్టుకుంటే కాగితం 2880 × 2400 పిక్సెళ్లవుతుంది. ఫోటోలో దగ్గరి అంచు దగ్గర కూడా అంగుళానికి 17 పిక్సెళ్లకు మించి లేవు కాబట్టి ఈ లెక్క సరిపోతుంది. హాలు ఫోటో తెరిచి, దానిపైన ఈ కొలతకు ఒక దీర్ఘచతురస్రం వేసి, అడుగుకో గీత చొప్పున గళ్లు గీయాలి. గళ్లూ దీర్ఘచతురస్రమూ ఒకే లేయర్‌గా కలిపి, ఆ లేయర్ మీద రైట్‌క్లిక్ చేసి `Convert to Smart Object` నొక్కాలి.

స్మార్ట్ ఆబ్జెక్ట్ అంటే మూలాన్ని చెడగొట్టకుండా లోపల దాచుకునే సంచి లాంటిది. మామూలు లేయర్‌ని వంచిన ప్రతిసారీ పిక్సెళ్లు కొత్తగా లెక్కకట్టి మళ్లీ పరుస్తారు, కాబట్టి నాలుగుసార్లు సవరిస్తే బొమ్మ మసకబారుతుంది. స్మార్ట్ ఆబ్జెక్ట్‌లో అసలు బొమ్మ అలాగే ఉంటుంది. ఎన్నిసార్లు వంచినా లెక్క ఆ అసలు నుంచే మొదలవుతుంది. ఈ సదుపాయం 2005లో ఫోటోషాప్ సీఎస్2తో వచ్చింది.

ఇక 2014లో వచ్చిన పర్‌స్పెక్టివ్ వార్ప్ వంతు. `Edit > Perspective Warp` తెరిస్తే మొదట `Layout` దశలో ఉంటాం. అక్కడ కాగితం నాలుగు మూలలకూ కుదిరేలా చతురస్రాన్ని లాగి పరచాలి. తర్వాత పైనున్న `Warp` నొక్కి, ఒక్కో మూలనున్న పిన్నును ఫోటోలో గోడ మూల మీదికి జరపాలి. ఫోటోని బాగా పెద్దది చేసుకుని, గోడ నేలను తాకే గీత మీద, సీలింగ్‌ను తాకే గీత మీద పిన్ను కచ్చితంగా కూర్చునేలా చూడాలి. ఎంటర్ కొడితే పని పూర్తవుతుంది. లేయర్ కింద ఇది స్మార్ట్ ఫిల్టర్‌గా కనిపిస్తుంది, దానిమీద రెండుసార్లు నొక్కి ఎప్పుడైనా సవరించుకోవచ్చు. గోడ మూల ఫోటోలో లేకపోయినా చిక్కులేదు. గోడ మొత్తానికి బదులు కొలత తెలిసిన భాగాన్ని, అంటే మూల నుంచి తలుపు ఫ్రేము దాకా ఉన్న భాగాన్ని, కాగితంగా తీసుకోవచ్చు.

ఇక్కడే ఒక పరీక్ష పెట్టాలి. ఆ గోడకు స్విచ్‌బోర్డో కిటికీయో ఉంటుంది. అది మూల నుంచి ఎంత దూరంలో, నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ఇంటివాళ్లను టేపు పెట్టి కొలిచి చెప్పమనాలి. స్మార్ట్ ఆబ్జెక్ట్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే కాగితం విడి ఫైలుగా తెరుచుకుంటుంది. ఆ కొలతల దగ్గర ఎర్రటి డబ్బా గీసి `Ctrl+S` కొట్టాలి. ఫోటోలో ఆ డబ్బా నిజమైన స్విచ్‌బోర్డు మీద పడితే గోడ సరిగ్గా కుదిరినట్టే. పక్కకు పడితే మూలల్లో ఒక పిన్ను తప్పు చోట ఉంది, లేదా చెప్పిన కొలత తప్పు. గోడ అంచులే విల్లులా వంగి కనిపిస్తుంటే తప్పు ఫోటోది. ఫోన్‌లో 0.5x లెన్స్‌తో తీసిన ఫోటోల్లో ఇది మామూలే. అలాంటప్పుడు ముందు `Filter > Lens Correction`తో గీతలు తిన్నగా చేసుకోవాలి, లేదా 1xలో మళ్లీ తీసి డాక్యుమెంట్‌గా పంపమనాలి. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది.

గోడ కుదిరాక పోస్టర్ పెట్టడం తేలిక. 24 × 36 అంగుళాల పోస్టర్ ఈ కాగితం మీద 480 × 720 పిక్సెళ్లు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండేలా తగిలించడం మ్యూజియంలలో వాడుక. ఆ లెక్కన పోస్టర్ పై అంచు 75 అంగుళాల దగ్గర, అంటే కాగితం పైనుంచి 900 పిక్సెళ్ల దగ్గర పడుతుంది. సన్నటి నీడ కూడా ఈ కాగితం మీదే, పోస్టర్ కింద వేయాలి. బయట లేయర్‌కు వేసిన నీడ గోడతో పాటు వంగదు. చివరికి గళ్లనూ ఎర్ర డబ్బానూ కనబడకుండా చేసి సేవ్ చేస్తే గోడ మీద పోస్టర్ మాత్రమే మిగులుతుంది. ముందు సోఫా వీపో దీపం స్టాండో అడ్డుంటే, బయట లేయర్‌కు మాస్క్ వేసి అంతమేర చెరిపేయాలి.

ఇంత చేసినా పోస్టర్ అతికించినట్టు కనిపిస్తోందంటే కారణం వెలుగే. పోస్టర్‌లోని తెలుపు 255, 255, 255. సాయంత్రం బల్బు వెలుగులో తెల్లగోడ 214, 202, 180 ఉండొచ్చు. గదిలో ఉన్న కాగితం గోడకంటే వెలిగిపోదు కదా! పోస్టర్ లేయర్‌కు మాత్రమే వర్తించేలా కర్వ్స్ పెట్టి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లలో ఒక్కోదాని పై కొసను గోడ అంకెకు దగ్గరగా దించితే పోస్టర్ ఆ గదిలోదవుతుంది.

ఈ పద్ధతి గోడకు ఆనుకుని ఉండే పోస్టర్‌కు, సన్నటి ఫ్రేముకు సరిపోతుంది. రెండంగుళాల మందమున్న కాన్వాస్‌ను పక్కనుంచి చూస్తే దాని అంచు కూడా కనబడాలి, చదును కాగితం దాన్ని చూపించలేదు. అద్దం మీద పడే కిటికీ ప్రతిబింబమూ అంతే. అయితే కొనేవాళ్ల అసలు ప్రశ్న సైజే. "ఇంకాస్త పెద్దది పెడితే?" అని అడిగితే కాగితం తెరిచి, 480 × 720 ని 720 × 1080 చేసి, సేవ్ కొట్టాలి. మూడడుగుల పోస్టర్ ఆ గోడకు నిండుగా ఉంటుందో, సోఫా మీదికి దిగిపోతుందో వాళ్లే చూసి చెబుతారు.