వరస తప్పని అంకెలు

పెళ్లి సరుకుల లెక్కను ఎక్సెల్‌లో శుభ్రంగా వేసి, కాపీ చేసి, ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పేస్ట్ చేస్తే ఒక్కోసారి అది ఫొటోలా వెళ్తుంది. ఒక్కోసారి అక్షరాలుగానే వెళ్తుంది కానీ అంకెలు చెదిరిపోతాయి. ఏది ధరో, ఏది కిలోలో తెలియక పెదనాన్న ఫోన్ చేసి అడుగుతారు. ఫొటోతో సరిపెట్టుకోవచ్చు గానీ, అందులోంచి ఒక అంకెను కాపీ చేసుకోవడం కష్టం, రేపు గ్రూపులో ‘నెయ్యి’ అని వెతికితే అది దొరకదు. అక్షరాలుగానే పంపి, వరస చెదరకుండా చూసుకోవడం పెద్ద పనేమీ కాదు. ఎందుకు చెదురుతోందో ముందు తెలియాలి.

షీట్‌లో కొన్ని సెల్స్ కాపీ చేసినప్పుడు కంప్యూటర్ ఒకే సమాచారాన్ని రెండు మూడు రూపాల్లో దాచిపెడుతుంది. గీతలున్న పట్టికగా ఒకటి, బొమ్మగా ఒకటి, ఉత్త అక్షరాలుగా ఒకటి. పేస్ట్ చేసే చోటు తనకు నచ్చింది తీసుకుంటుంది. మామూలు జీమెయిల్ పట్టికను తీసుకుంటుంది కాబట్టి అక్కడ గొడవ లేదు. చాట్ పెట్టె బొమ్మనైనా తీసుకుంటుంది, ఉత్త అక్షరాలనైనా తీసుకుంటుంది. ఆ ఉత్త అక్షరాల్లో కాలమ్‌కీ కాలమ్‌కీ మధ్య ఉండేది ఒకే ఒక్క ట్యాబ్ గుర్తు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్నవాళ్లకు ఇది గుర్తుండే ఉంటుంది: ట్యాబ్ నొక్కితే మిషన్ ముందుగా పెట్టుకున్న చోటికి దూకేది. ఎక్కడ ఆగాలో మనమే పెట్టేవాళ్లం. చాట్ పెట్టెలో అలా పెట్టే వీలు లేదు. పైగా అక్కడి అక్షరాల వెడల్పు ఒకేలా ఉండదు, ఇంగ్లిష్ ‘i’ సన్నగా, ‘m’ వెడల్పుగా ఉంటాయి. ఖాళీ చోటు అంకె కన్నా సన్నగా ఉంటుంది కాబట్టి, స్పేస్ బార్ నొక్కి సర్దబోయినా కుదరదు.

కాబట్టి కావలసినవి రెండు. ట్యాబ్ బదులు లెక్కపెట్టి ఖాళీలు వేయాలి, ప్రతి అక్షరమూ ఒకే వెడల్పులో కనిపించే ఫాంట్‌లో పంపాలి. రెండోది సులువు. వాట్సాప్‌లో సందేశానికి ముందు మూడు, వెనక మూడు బ్యాక్‌టిక్ గుర్తులు పెడితే మధ్యలోదంతా ఆ ఫాంట్‌లోకి మారుతుంది. ఈ గుర్తు కంప్యూటర్ కీబోర్డు మీద 1 అంకెకు ఎడమ పక్కన ఉంటుంది, ఫోన్‌లో సాధారణంగా గుర్తుల రెండో పేజీలో దొరుకుతుంది. జీమెయిల్‌లో ఫాంట్ల జాబితాలో Fixed Width ఎంచుకుంటే చాలు.

ఇక ఖాళీల సంగతి. మన షీట్‌లో A కాలమ్‌లో సరుకు పేరు, Bలో కిలోలు, Cలో కిలో ధర, Dలో మొత్తం ఉన్నాయనుకుందాం. ఈ పని చేసే ఫార్ములాల్లో ఎక్కువగా వాడేది ఇది:

```
=RIGHT(REPT(" ",5)&TEXT(D2,"#,##0"),5)
```

అంకె ముందు అయిదు ఖాళీలు పెట్టి, కుడి నుంచి అయిదు అక్షరాలు తీసుకోమని దీని అర్థం. 720 అయినా 2,800 అయినా కుడి అంచు చక్కగా కలుస్తుంది. బియ్యం, కందిపప్పు, పంచదార, చింతపండు వరకు కూడితే 7,120 వచ్చింది, బాగానే ఉంది. తర్వాత ఎవరో నెయ్యి మరిచిపోయారని గుర్తుచేస్తారు. ఆరు కిలోలు, కిలో 650 చొప్పున 3,900 కలిస్తే మొత్తం 11,020 కావాలి. ఈ ఫార్ములా మాత్రం కుడి నుంచి అయిదు అక్షరాలే తీసుకుని 1,020 అని చూపిస్తుంది. పది వేలు మాయం. ఎర్ర గుర్తు లేదు, హెచ్చరిక లేదు, వరస కూడా ముచ్చటగా కలిసే ఉంటుంది. చెదిరిన లెక్క అయితే ఎవరైనా అడుగుతారు, ఇంత కుదురుగా ఉన్న తప్పుడు లెక్కను ఎవరూ అడగరు. డబ్బు లెక్కకు ఈ ఫార్ములా వాడకూడదనే నేను అంటాను.

దీని బదులు, చోటులోంచి అంకె పొడవు తీసేసి మిగిలినన్ని ఖాళీలు మాత్రమే వేయమనాలి. E2 సెల్‌లో ఇలా రాసి కిందికి లాగండి:

```
=REPT(" ",3-LEN(B2))&B2
&REPT(" ",5-LEN(C2))&C2
&REPT(" ",8-LEN(TEXT(D2,"#,##0")))
&TEXT(D2,"#,##0")&"  "&A2
```

కిలోలకు మూడు, ధరకు అయిదు, మొత్తానికి ఎనిమిది అక్షరాల చోటు ఇచ్చాం. ఆ చోటులో పట్టనంత పెద్ద అంకె వస్తే ఖాళీల లెక్క సున్నా కన్నా కిందికి పోతుంది, ఎక్సెల్ వెంటనే `#VALUE!` అని మొరాయిస్తుంది. అప్పుడు 8ని 10 చేసుకుంటే సరి. కిలోల్లో 7.5 లాంటివి ఉంటే అన్నింటినీ `TEXT(B2,"0.0")` రూపంలోకి తెచ్చి, చోటు కూడా 5కి పెంచాలి. లేకపోతే చుక్కలు ఒకదాని కింద ఒకటి రావు.

పేరును చివర ఎందుకు పెట్టామన్నది తెలుగువాళ్లకే వచ్చే ప్రశ్న. ఇంగ్లిష్ పేర్లయితే ముందు పెట్టి, వెనక ఖాళీలు నింపితే సరిపోతుంది. తెలుగులో అది కుదరదు. ‘నెయ్యి’ మన కంటికి రెండక్షరాలు. LEN లెక్కలో ఆరు, ఎందుకంటే న, ఎత్వం, య, పొల్లు, మళ్లీ య, గుడి అన్నీ విడివిడిగా నిల్వ ఉంటాయి. ‘కందిపప్పు’ ఇలాగే తొమ్మిది. పోనీ కంటికి కనిపించేవే లెక్కపెట్టి ఖాళీలు వేద్దామా అంటే, ఒకే వెడల్పు ఫాంట్లలో సాధారణంగా తెలుగు ఉండదు. ఫోన్ తెలుగు అక్షరాలను వేరే ఫాంట్ నుంచి తెచ్చుకుంటుంది, అందులో ‘ర’ వెడల్పు వేరు, ‘ఘ’ వెడల్పు వేరు. ఎన్ని ఖాళీలు వేసినా ఆ అంచు కలవదు. పేరును చివరికి నెడితే, దాని తర్వాత వరసలో కలవాల్సింది ఏమీ మిగలదు.

```
 50   56   2,800  బియ్యం
 15  150   2,250  కందిపప్పు
 30   45   1,350  పంచదార
  4  180     720  చింతపండు
  6  650   3,900  నెయ్యి
          11,020  మొత్తం
```

శీర్షికలకూ ఇదే బాధ. అందుకే వాటిని పట్టికలో పెట్టకుండా పైన మామూలు వాక్యంగా రాయడం మేలు: ‘వరసగా కిలోలు, ధర, మొత్తం’ అని.

పంపేటప్పుడు E కాలమ్‌లోని సెల్స్ మాత్రమే కాపీ చేయాలి. ఒక్కో సెల్ ఒక్కో వరసగా దిగుతుంది, మధ్యలో ట్యాబ్‌లు రావు. కొందరు తెలివిగా TEXTJOIN వాడి అన్ని వరసలనూ ఒకే సెల్‌లోకి చేరుస్తారు. ఆ సెల్‌ను కాపీ చేస్తే మొదట్లో, చివర్లో అక్కర్లేని కొటేషన్ గుర్తులు వచ్చి చేరతాయి, దాంతో మొదటి వరస ఒక అక్షరం పక్కకు జరుగుతుంది. బొమ్మగా దిగుతుంటే ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, అక్కడి నుంచి మళ్లీ కాపీ చేయండి. నోట్‌ప్యాడ్‌కు బొమ్మలు తెలియవు.

ఫోన్ తెర వెడల్పుకు మాత్రం హద్దుంది. పట్టనంత పొడుగు వరస మడతపడి కింది లైనులోకి దిగుతుంది, అప్పుడు ఈ ఖాళీలన్నీ వృథా. మన పట్టికలో అంకెలకు 16, మధ్య ఖాళీలకు రెండు, కలిపి 18 అక్షరాలు పోగా పేరుకు చోటు మిగిలింది. వరస మొత్తం 30 లోపు ఉంచుకుంటే చాలా ఫోన్లలో మడతపడదు. పెదనాన్న తన ఫోన్‌లో అక్షరాలు పెద్దవిగా పెట్టుకుని ఉంటే అదీ పట్టదు. అప్పుడు ధర కాలమ్ తీసేయండి, మొత్తం ఉంటే ఆయనకు సరిపోతుంది. ఆరేడు కాలమ్‌లున్న లెక్కను ఇలా పంపాలని చూడటం దండగ, దానికి ఫైలే పంపాలి.