ఆదివారం కట్టకి వస్తున్నావా?

హైదరాబాదులో సాయంత్రం పూట స్నేహితుణ్ని పిలిచేటప్పుడు హుస్సేన్ సాగర్‌కి పోదాం అనేవాళ్లు అరుదు. ట్యాంక్‌బండ్ పోదాం అంటారు. మ్యాపుల్లో, రికార్డుల్లో ఉన్న పేరు చెరువుది. జనం నోట నిలిచింది మాత్రం తాము నడిచే, కూర్చునే, మొక్కజొన్న పొత్తు తినే చోటు పేరు. చెరువు శుభ్రం చేయడానికి పూనుకునే కాలనీవాళ్లు తమ కార్యక్రమానికి పేరు వెతుక్కునేటప్పుడు ఇక్కణ్నుంచే మొదలుపెట్టాలి. నోటి మాటగా పాకే పేరు సాధారణంగా జనం అప్పటికే అంటున్న వాక్యంలోనే దొరుకుతుంది.

నగర శివారులో ఒక చెరువు ఉందనుకుందాం. ఒక పక్క అపార్ట్‌మెంట్లు, అవతలి ఒడ్డున పాత ఊరు. అక్కడ చేపలు పట్టేవాళ్లున్నారు, గేదెలను కడిగేవాళ్లున్నారు, బట్టలుతికేవాళ్లున్నారు. అపార్ట్‌మెంట్ల సంఘం సమావేశమైతే మొదట వచ్చే పేర్లు ఇంచుమించు ఇలా ఉంటాయి: ‘సేవ్ అవర్ లేక్’, ‘జల సంరక్షణ సమితి’, ‘మిషన్ స్వచ్ఛ చెరువు’, లేదా కాలనీ పేరు ముందు పెట్టి ‘ఫలానా ఎన్‌క్లేవ్ లేక్ క్లబ్’. బ్యానరు మీద నాలుగూ బాగానే కనిపిస్తాయి. నోట్లో పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

తెలుగులో పేరు ఒంటరిగా తిరగదు. దానికి ‘కి’ చేరాలి, ‘లో’ చేరాలి, ‘వాళ్లు’ చేరాలి. ‘జల సంరక్షణ సమితికి వస్తున్నావా?’ అని పక్కింటాయన్ని ఎవరూ అడగరు. అడిగినా అదేదో ఆఫీసు మీటింగులా వినిపిస్తుంది. ‘సేవ్ అవర్ లేక్‌వాళ్లు వచ్చారు’ అని కూరగాయలమ్మే ఆమె అనదు. మిషన్ అనే మాటతో ఇంకో చిక్కుంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం చెరువుల పూడికతీతకు మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది, ‘మన ఊరు - మన చెరువు’ దాని నినాదం. చెరువులు తవ్వించిన కాకతీయుల పేరు ఆ పథకానికి చక్కగా అమరింది. అయితే కాలనీవాళ్లు కూడా మిషన్ అంటే వినేవాళ్లు దాన్ని సర్కారు పనే అనుకుంటారు. జేసీబీ ఎప్పుడొస్తుందని అడుగుతారే తప్ప చేతికి గ్లౌజులు తొడుక్కుని రారు. కాలనీ పేరు పెట్టడం అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. అవతలి ఒడ్డువాళ్లకు అది తమను బయట పెట్టిన పేరవుతుంది. చెరువులో లోతెక్కడుందో, కాలువ ఎక్కడ కలుస్తుందో తెలిసినవాళ్లు వాళ్లే.

ఇదే చెరువు గురించి ఆ చుట్టుపక్కల జనం రోజూ ఏమనుకుంటున్నారో వినండి. ‘పొద్దున కట్ట మీద నడిచొచ్చాం.’ ‘కట్ట దగ్గర ఆగు, వస్తున్నా.’ బోనాల నాడు కట్ట మైసమ్మ దగ్గరికి వెళ్తారు. ఎందరి నోళ్లలోనో నలిగిన మాట కట్ట. పని జరిగే రోజు ఆదివారం. ఈ రెండూ కలిస్తే ‘ఆదివారం కట్ట’. ఇప్పుడు ‘ఆదివారం కట్టకి వస్తున్నావా?’ అని అడిగితే అందులోనే పేరుంది, రోజుంది, చోటుంది, పిలుపూ ఉంది. ‘ఆదివారం కట్టవాళ్లు’ అన్నా నాలుక తడబడదు. కోస్తాలో చాలా ఊళ్లలో చెరువు గట్టు అంటారు కాబట్టి అక్కడ అది ‘ఆదివారం గట్టు’ కావాలి. కట్ట అనే మాటను అక్కడికి మోసుకుపోతే దాని బలమంతా పోతుంది.

ఈ పేరులో చెరువు ‘బాగు’, ‘శుద్ధి’, ‘పునర్జీవం’ లాంటి మాటలు లేవని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అవి లేకపోవడమే మంచిదని నేను గట్టిగా నమ్ముతున్నాను. కాలనీవాళ్ల చేతుల్లో ఉన్న పని ఒడ్డున పడ్డ ప్లాస్టిక్ కవర్లు, విగ్రహాల చెక్కలు, మద్యం సీసాలు ఏరడం, ఒడ్డుకు చేరిన గుర్రపుడెక్కను లాగడం. చెరువులోకి వచ్చే మురుగును ఆపడం వాళ్ల చేతుల్లో లేదు. ఆ మురుగులోని నత్రజని, భాస్వరాలే గుర్రపుడెక్కకు ఎరువు. అనువైన నీళ్లలో అది రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు. ఈ వారం ఖాళీ చేసిన మూల వచ్చే నెలకు మళ్లీ పచ్చగా కప్పుకుపోతుంది. ‘స్వచ్ఛ చెరువు’ అని పేరు పెట్టుకున్న కార్యక్రమం అప్పుడు ఎగతాళి పాలవుతుంది, పనిచేసినవాళ్ల మనసూ విరుగుతుంది. ‘ఆదివారం కట్ట’ మాత్రం మాట తప్పినట్టు కాదు. అది ఫలితాన్ని వాగ్దానం చేయలేదు, మళ్లీ ఆదివారం వస్తామని మాత్రమే చెప్పింది. మురుగు సంగతి అడగడానికి నీటిపారుదల శాఖకో, మున్సిపాలిటీకో పెట్టే అర్జీ మీద సంఘం రిజిస్టర్డ్ పేరు వేరే ఉండొచ్చు. కాగితం మీది పేరూ నోటిలోని పేరూ ఒకటే కానక్కర్లేదు.

బెంగళూరులో 2010లో మొదలైన ‘ది అగ్లీ ఇండియన్’ బృందం నుంచి ఇక్కడ నేర్చుకోవలసింది ఉంది. వాళ్లు తమ పేర్లు బయటపెట్టకుండా వీధుల్లో చెత్త పేరుకున్న మూలలను బాగుచేశారు. ఆ పనికి ‘స్పాట్‌ఫిక్స్’ అన్నారు. బృందం పేరుకన్నా ఈ పని పేరు వాడుకకు తేలిక. ఒక మూల, ఒక పూట, కొద్దిమంది జనం, అంతా ఆ ఒక్క మాటలో అర్థమైపోతుంది. ఇంకో వీధివాళ్లు తామూ చేయాలనుకుంటే ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు, ‘మేమూ ఒక స్పాట్‌ఫిక్స్ చేస్తాం’ అంటే సరిపోతుంది. సంఘం పేరైతే అందులో చేరాలి. పని పేరైతే ఎత్తుకుపోవచ్చు.

పేరు ఖాయం చేసేముందు దాన్ని నోటి మీదే పరీక్షించాలి. సంఘంలో లేని ఒకరికి, రద్దీ రోడ్డు మీద ఉన్నప్పుడు ఫోనులో, ఒక్కసారే చెప్పండి. రాసి పంపవద్దు. దాన్ని ఇంకొకరికి చెప్పమనండి, ఆ ఇంకొకరు మరొకరికి చెప్పాలి. మర్నాడు ఆ మూడో మనిషిని పేరేమిటి, ఎప్పుడు, ఎక్కడ అని అడగండి. పేరు గుర్తుండి చోటు గుర్తు లేకపోతే పేరు అందంగా ఉందేకానీ పనికి రాలేదు. చోటు, వేళ సరిగ్గా చెప్పి పేరును మాత్రం మార్చేస్తే ఆ మార్పును రాసుకోండి. ముగ్గురిలో ఇద్దరు ఒకే విధంగా మార్చారంటే మీ పేరుకన్నా అదే మేలు. వాచ్‌మన్‌తో, అవతలి ఒడ్డున చేపలు పట్టే పెద్దాయనతో, తెలుగు సరిగ్గా రాని కుటుంబంతో కూడా ఇది చేయాలి. ఇంగ్లిష్ చదువుకున్నవాళ్ల నోట్లో మాత్రమే నిలిచే పేరు ఈ మెట్టు దగ్గరే రాలిపోతుంది.

ఇంకో చిన్న జాగ్రత్త. వాట్సాప్‌లో చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. ఒకరు Adivaram అంటే ఇంకొకరు Aadivaram అంటారు, వెతికితే సగం ఫొటోలే దొరుకుతాయి. మొదటి రోజే ఒక స్పెల్లింగ్ ఎంచుకుని గ్రూపు పేరుగా పెట్టేస్తే మిగతావాళ్లు దాన్నే చూసి కొడతారు.

ఈ పేరుకూ హద్దులున్నాయి. కట్టలేని కుంట దగ్గర ఇది పనికిరాదు. అక్కడ జనం నిలబడేది మర్రిచెట్టు కింద అయితే ఆ మర్రిచెట్టే పేరులోకి రావాలి. ఎండాకాలంలో పనిని శనివారం సాయంత్రానికి మార్చితే పేరు అబద్ధమవుతుంది కాబట్టి వేళను తెల్లవారుజాముకు జరిపి రోజును మాత్రం కదపకూడదు. వానలకు ఒక ఆదివారం పని కుదరకపోయినా ఇద్దరు ముగ్గురు కట్ట మీద కనిపించాలి, ఎందుకంటే పేరు విని మొదటిసారి వచ్చిన మనిషికి అక్కడ ఎవరూ లేకపోతే వెళ్లి పదిమందికి చెప్పేది ఆ మాటే. పక్క చెరువువాళ్లు ఈ పేరునే వాడుకుంటామంటే కాదనవద్దు. తమ చెరువు పేరు ముందు చేర్చుకొమ్మంటే చాలు.