తరుగుదల లెక్క: లాభం ఏ ఏడాది ఎంత కనిపిస్తుంది?

యంత్రం కొన్న రోజునే డబ్బు చేతిలోంచి వెళ్లిపోతుంది. కానీ ఆ మొత్తాన్ని అదే ఏడాది ఖర్చుగా రాయడానికి లెక్కల శాస్త్రం ఒప్పుకోదు, పన్ను చట్టమూ ఒప్పుకోదు. యంత్రం ఎన్నేళ్లు పనిచేస్తే అన్నేళ్లకూ దాని ఖర్చును పంచి రాయాలి. ఇలా ఏటా రాసే భాగమే తరుగుదల. అది చేతినుంచి పోయే డబ్బు కాదు, ఎప్పుడో పోయిన డబ్బులో ఈ ఏటి వాటా. అయినా లాభంలోంచి తీసివేస్తారు కాబట్టి, ఏ ఏడాదికి ఎంత వాటా వేశారన్నదాన్ని బట్టి ఆ ఏడాది పన్ను మారుతుంది.

పంచడానికి రెండు ప్రధాన పద్ధతులున్నాయి. స్థిర వాయిదాల పద్ధతిలో ప్రతి ఏడాదీ ఒకే మొత్తం తీసివేస్తారు. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో మారకుండా ఉండేది శాతం మాత్రమే. ఆ శాతాన్ని అసలు ధర మీద కాక, కిందటేడాది మిగిలిన విలువ మీద కడతారు. కాబట్టి మొదటి ఏడాది తరుగుదల ఎక్కువగా ఉండి, తర్వాత ఏటేటా తగ్గుతూ పోతుంది.

విజయవాడలో ఇద్దరు భాగస్వాములు నడిపే ప్రింటింగ్ ప్రెస్సును ఉదాహరణగా తీసుకుందాం. ఏప్రిల్‌లో పది లక్షల రూపాయలు పెట్టి ఒక ఆఫ్‌సెట్ యంత్రం కొన్నారు. పదేళ్లు పనిచేస్తుందని, ఆ తర్వాత విలువేమీ ఉండదని వారి అంచనా. తరుగుదల తీయకముందు ప్రెస్సుకు ఏటా 5,00,000 రూపాయల లాభం వస్తుందనుకుందాం. భాగస్వామ్య సంస్థ లాభం మీద పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం. ఇక్కడ శ్లాబులు లేవు కాబట్టి లెక్క తేలిగ్గా అర్థమవుతుంది.

స్థిర వాయిదాల ప్రకారం ఏటా లక్ష రూపాయల తరుగుదల. లాభం పదేళ్లూ 4,00,000 దగ్గరే నిలుస్తుంది, పన్ను ఏటా 1,24,800. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో 15 శాతం చొప్పున కడితే మొదటి ఏడాది తరుగుదల 1,50,000. లాభం 3,50,000కు దిగుతుంది, పన్ను 1,09,200 అవుతుంది. అంటే మొదటి ఏడాది 15,600 రూపాయలు తక్కువ కట్టారు. రెండో ఏడాది మిగిలిన 8,50,000 మీద 15 శాతం, అంటే 1,27,500. మూడో ఏడాది 1,08,375. నాలుగో ఏడాది వచ్చేసరికి తరుగుదల 92,119కి పడిపోయి, స్థిర వాయిదా అయిన లక్ష కంటే కిందికి వస్తుంది. అక్కడినుంచి తగ్గుతున్న నిల్వల పద్ధతిలోనే లాభం ఎక్కువ, పన్నూ ఎక్కువ. పదో ఏడాది తరుగుదల 34,743 మాత్రమే. లాభం 4,65,257, పన్ను 1,45,160. స్థిర వాయిదాలతో పోలిస్తే ఆ ఒక్క ఏడాదే 20,360 రూపాయలు అదనం.

ప్రెస్సులో పని మారలేదు, రాబడి మారలేదు. ఖర్చును ఏళ్ల మీద పరిచిన తీరే మారింది. మొదటి మూడేళ్లలో కలిపి 85,875 రూపాయల తరుగుదల ముందుకు జరిగింది, దానివల్ల 26,793 రూపాయల పన్ను అప్పటికి ఆగింది. ఇది ప్రభుత్వం మాఫీ చేసిన డబ్బు కాదు, తర్వాతి ఏళ్లలో తిరిగి కట్టాల్సిందే. వడ్డీ లేకుండా కొన్నేళ్లు చేతిలో తిరిగిన డబ్బు అంతే. యంత్రం మీద బ్యాంకు అప్పు తీరుస్తున్న తొలి ఏళ్లలో ఆ మాత్రం వెసులుబాటు కూడా ఒక వాయిదాకు అక్కరకొస్తుంది. కానీ పది లక్షల యంత్రం మీద ఇరవై ఏడు వేలకు లోపే కాబట్టి, పన్ను మిగులుతుందని చెప్పి అవసరం లేని యంత్రాన్ని కొనిపించే సలహా మంచిది కాదు.

ఈ రెండు పద్ధతుల్లో నచ్చినదాన్ని ఎంచుకునే స్వేచ్ఛ భారతదేశంలో పన్ను లెక్కకు దాదాపు లేదు. ఆదాయపు పన్ను చట్టం తగ్గుతున్న నిల్వల పద్ధతినే విధిస్తుంది. విద్యుత్ ఉత్పత్తి సంస్థలకు మాత్రం స్థిర వాయిదాలను ఎంచుకునే వీలుంది. మామూలు యంత్రాలకు 15 శాతం, కంప్యూటర్లకు 40, ఫర్నిచరుకు 10, వ్యాపారానికి వాడే భవనాలకు 10 శాతం అన్నవి చాలాకాలంగా ఉన్న రేట్లు. భూమికి తరుగుదల లేదు కాబట్టి, స్థలంతో సహా కొన్న షెడ్డు ధరను రెండుగా విడగొట్టాలి. ఖాతా పుస్తకాల సంగతి వేరు. అక్కడ భాగస్వాములు స్థిర వాయిదాలు వేసుకోవచ్చు. ప్రైవేటు కంపెనీ అయితే 2013 కంపెనీల చట్టం సూచించిన ఆయుష్షును అనుసరిస్తుంది.

అందువల్ల ఒకే యంత్రానికి రెండు లెక్కలు నడుస్తాయి. పుస్తకాల్లో మన ప్రెస్సు లాభం 4,00,000 అని చూపిస్తుంది. పన్ను లెక్క వేసేటప్పుడు ఆడిటర్ ముందుగా పుస్తకాల్లో తీసేసిన లక్షను తిరిగి కలుపుతారు, తర్వాత చట్టం ప్రకారం వచ్చే 1,50,000 తీసివేస్తారు. అప్పుడు 3,50,000 వస్తుంది. చిన్న వ్యాపారాల్లో తరచూ తప్పు జరిగేది ఈ రెండు అడుగుల దగ్గరే. పుస్తకాల తరుగుదలను తిరిగి కలపకుండానే చట్టం ప్రకారం వచ్చేదాన్ని కూడా తీసేస్తే ఖర్చు రెండుసార్లు పడుతుంది. అసలు సవరణే చేయకుండా పుస్తకాల లాభాన్నే రిటర్నులో వేస్తే తొలి ఏళ్లలో పన్ను ఎక్కువ కట్టినట్టవుతుంది. 

యంత్రం ఎప్పుడు పనిలోకి వచ్చిందన్నది కూడా మొదటి ఏడాది లెక్కను సగానికి సగం మార్చగలదు. కొన్న ఏడాదిలో దాన్ని 180 రోజులకంటే తక్కువ వాడితే సగం రేటే ఇస్తారు. మామూలు సంవత్సరంలో అక్టోబరు 3కల్లా యంత్రం తిరిగితే 1,50,000 దక్కుతుంది, 4న మొదలైతే 75,000 మాత్రమే. ఇక్కడ లెక్కకు వచ్చేది బిల్లు తేదీ కాదు, వాడకం మొదలైన తేదీ. సెప్టెంబరులో కొన్న యంత్రం పెట్టె విప్పకుండా నవంబరు దాకా షెడ్డులో ఉంటే సగం రేటే వర్తిస్తుంది. అలా తగ్గిన సగం పోయినట్టు కాదు. 9,25,000 నిల్వ మీద మరుసటి ఏడాది 1,38,750 వస్తుంది, అంటే కొంత భాగం ఆలస్యంగా చేతికొస్తుంది. ధర లెక్క కూడా సరిగ్గా ఉండాలి. యంత్రం మీద కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటే ఆ భాగం మీద తరుగుదల ఉండదు. ఒకే రోజు ఒకే వ్యక్తికి పదివేలు దాటి నగదు రూపంలో చెల్లించిన మొత్తం కూడా యంత్రం ధరలోకి రాదు.

పదేళ్లు గడిచాక రెండు పద్ధతుల మధ్య మరో పెద్ద తేడా కనిపిస్తుంది. స్థిర వాయిదాలతో యంత్రం విలువ పుస్తకాల్లో సున్నా అవుతుంది. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో ఎన్నేళ్లు తీసివేసినా సున్నా రాదు. మిగిలినదానిలోంచి 15 శాతమే పోతుంది కాబట్టి ఎప్పుడూ కొంత మిగులుతూనే ఉంటుంది. మన యంత్రానికి పదేళ్ల తర్వాత ఇంకా 1,96,874 రూపాయలు పన్ను లెక్కలో నిలిచి ఉంటాయి. మొత్తం కలిపి చూస్తే తగ్గుతున్న నిల్వల పద్ధతి ఆరో ఏడాది వరకే ముందుంటుంది, ఏడో ఏడాదికి వెనకబడుతుంది. యంత్రం నిజంగా పదేళ్లకే అరిగిపోతే 15 శాతం అంత ఉదారమైన రేటు కాదు. పదిహేనేళ్లు నడిచేదానికైతే ఎక్కువ కాలం లాభసాటిగా ఉంటుంది. 2005 వరకు మామూలు యంత్రాలకు 25 శాతం రేటు ఉండేది, దాన్ని తగ్గించాకే ఈ తోక పొడుగైంది.

ఆ మిగులు ఏమవుతుందో తెలియాలంటే బ్లాకు అన్న ఏర్పాటు అర్థం కావాలి. ఒకే రేటు ఉన్న ఒకే తరగతి ఆస్తులన్నిటినీ చట్టం ఒకే ముద్దగా చూస్తుంది. తరుగుదల కట్టేది ఆ ముద్ద మొత్తం మీద, ఒక్కో యంత్రం మీద కాదు. ప్రెస్సులో కటింగ్ యంత్రం, బైండింగ్ యంత్రం కూడా ఉంటే అవన్నీ ఒకే బ్లాకు. పదకొండో ఏట ఆఫ్‌సెట్ యంత్రాన్ని తుక్కు కింద లక్షకు అమ్మితే, ఆ లక్ష బ్లాకు విలువలోంచి తగ్గుతుంది. పాత యంత్రం తాలూకు 96,874 రూపాయలు బ్లాకులోనే ఉండి, మిగతా యంత్రాలతో కలిసి ఏటా 15 శాతం చొప్పున తరుగుతూ పోతాయి. యంత్రం లేకపోయినా దాని తరుగుదల మాత్రం సాగుతుందన్నమాట.

బ్లాకులో ఆ యంత్రం ఒక్కటే ఉండి, దాన్ని అమ్మేశాక బ్లాకు ఖాళీ అయితే సంగతి మారుతుంది. మిగిలిన 96,874 ఆ ఏడాది తరుగుదలగా దక్కదు. దాన్ని స్వల్పకాలిక మూలధన నష్టంగా పరిగణిస్తారు. మూలధన లాభాల్లోంచే తప్ప ప్రెస్సు లాభంలోంచి తీసుకోవడానికి వీల్లేదు. ముందుకు తీసుకుపోగలిగేది కూడా ఎనిమిదేళ్లే. అమ్మకం ధర బ్లాకు విలువను దాటితే తేడా మొత్తం స్వల్పకాలిక మూలధన లాభమై పన్నుకు వస్తుంది. అదే అమ్మకం పుస్తకాల్లో ఎలా కనిపిస్తుందో చూడాలి. అక్కడ విలువ సున్నా కాబట్టి లక్ష రూపాయలూ లాభమే. పుస్తకాల్లో లాభం, పన్ను లెక్కలో నష్టం! రెండూ తప్పు కావు. పుస్తకాల్లో పది లక్షలు ఖర్చు రాసి లక్ష తిరిగి కలిపారు. పన్ను లెక్కలో తరుగుదలగా 8,03,126, నష్టంగా 96,874. కూడితే రెండుచోట్లా తొమ్మిది లక్షలే, యంత్రం వల్ల యజమానులు నిజంగా పోగొట్టుకున్నదీ అంతే. తేడా అల్లా ఆ తొమ్మిది లక్షలు ఏ ఏడాది, ఏ పద్దు కింద పడ్డాయన్నదే.

ఒక్కరే నడిపే వ్యాపారానికి ఈ లెక్క కొంచెం వేరుగా పనిచేస్తుంది. భాగస్వామ్య సంస్థకు తొలి రూపాయి నుంచే పన్ను ఉంటుంది కాబట్టి ముందుగా వచ్చే తరుగుదలకు ఎప్పుడూ విలువ ఉంటుంది. సొంత పేరున నడిపేవారికి శ్లాబులుంటాయి. వ్యాపారం కొత్తలో ఆదాయం ఎలాగూ పన్ను పడని హద్దులోనే ఉంటే, అప్పుడొచ్చిన 1,50,000 తరుగుదల వల్ల ఒక్క రూపాయి కూడా మిగలదు. ఆదాయం పెరిగి పై శ్లాబుకు చేరేసరికి తరుగుదల చిక్కిపోయి ఉంటుంది. వారికి స్థిర వాయిదాలే మేలు చేసేవి, కానీ ఆ దారి లేదు. ఈ ఏడాది అక్కరలేదని తరుగుదలను దాచుకోవడం కూడా కుదరదు. అడిగినా అడగకపోయినా తరుగుదల ఇచ్చినట్టే లెక్కించి చట్టం నిల్వను తగ్గించేస్తుంది.

టర్నోవరులో ఇంత శాతం లాభమని అంచనా పద్ధతిలో రిటర్ను వేసే చిన్న వ్యాపారులకూ ఇదే వర్తిస్తుంది. ఆ శాతంలోనే తరుగుదల పోయినట్టు భావిస్తారు. నాలుగేళ్లు అలా వేసి ఐదో ఏట మామూలు లెక్కలకు మారిన వ్యాపారి, యంత్రం ధర పది లక్షల మీద కాక 5,22,006 మీద తరుగుదల మొదలుపెట్టాలి. ఒక్క వెసులుబాటు ఉంది. అసలు లాభమే చాలక తరుగుదల మిగిలిపోతే, ఆ మిగులును ఎన్నేళ్లయినా ముందుకు తీసుకుపోవచ్చు, ఎనిమిదేళ్ల గడువు దానికి లేదు.