రెండు కొమ్మల చెట్టు: కాల్ ఆప్షన్ ధర కట్టే విధానం

ఒక షేరును ఫలానా తేదీన, ముందే ఒప్పుకున్న ధరకు కొనే హక్కును యూరోపియన్ కాల్ ఆప్షన్ అంటారు. హక్కే గానీ బాధ్యత కాదు. ఆ ఒప్పుకున్న ధర స్ట్రైక్, హక్కు కోసం ముందుగా చెల్లించేది ప్రీమియం. ఈ ప్రీమియం ఎంత ఉండాలో 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ఒక సూత్రంగా చెప్పారు. దాన్ని రాబట్టడానికి అవకలన సమీకరణాలు కావలసి వచ్చాయి. అందులోని అసలు ఆలోచనను కూడికలు, తీసివేతలతోనే చూపవచ్చని విలియం షార్ప్ 1978 నాటి తన పాఠ్యపుస్తకంలో నిరూపించాడు. 1979లో జాన్ కాక్స్, స్టీఫెన్ రాస్, మార్క్ రూబిన్‌స్టీన్ దాన్ని పూర్తి పద్ధతిగా తీర్చిదిద్దారు. అదే బైనామియల్ ట్రీ. ఒక్క అంచె ఉన్న చెట్టుకు రెండే కొమ్మలు: గడువు నాటికి షేరు పైధరకైనా చేరుతుంది, కిందిధరకైనా దిగుతుంది.

హైదరాబాద్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ షేరును తీసుకుంటే లెక్క తేలిగ్గా బోధపడుతుంది. 2009 జనవరి 6న అది సుమారు 179 రూపాయల దగ్గర ముగిసింది. లెక్క సులువు కోసం 180 అనుకోవచ్చు. స్ట్రైక్ కూడా 180. నెలాఖరుకు షేరు 210కి పెరుగుతుందని, లేదా 160కి తగ్గుతుందని, అప్పటిదాకా అప్పుపై వడ్డీ అర శాతమని ఊహిద్దాం. 210 అయితే కాల్ విలువ 30 రూపాయలు, 160 అయితే సున్నా.

ఈ రెండు ఫలితాలనూ కాల్ లేకుండానే, కొంత షేరు, కొంత అప్పు కలిపి తయారు చేయవచ్చు. కాల్ విలువలో తేడా 30, షేరు ధరలో తేడా 50. 30ని 50తో భాగిస్తే 0.6. ఒక్కో కాల్‌కు 0.6 వంతు షేరు కొనాలన్నమాట. దీన్నే డెల్టా అంటారు. షేరు 160కి దిగితే ఆ వాటా విలువ 96 రూపాయలు. అప్పుడు చేతిలో ఏమీ మిగలకూడదు కాబట్టి తీర్చాల్సిన అప్పు సరిగ్గా 96 ఉండాలి. అందుకు ఈరోజు తీసుకోవాల్సిన అప్పు 95.52 రూపాయలు. షేరు 210కి చేరితే వాటా విలువ 126. అందులోంచి 96 తీరిస్తే మిగిలేది 30. రెండు కొమ్మల్లోనూ కాల్‌తో పైసా తేడా లేదు.

వాటా కొనడానికి 108 రూపాయలు కావాలి. అప్పు పోను చేతి నుంచి పెట్టేది 12.48 రూపాయలు. కాల్ ధర అదే. బజారులో అది 15కి అమ్ముడవుతుంటే, కాల్ అమ్మి ఈ జోడీని కొన్నవారికి 2.52 రూపాయలు నష్టభయం లేకుండా మిగులుతాయి. 10కే దొరుకుతుంటే కాల్ కొని, షేరు షార్ట్ చేసి, సొమ్ము వడ్డీకి ఇస్తే లాభం. ఇలాంటి బేరాలే ధరను 12.48 వైపు లాగుతాయి.

ఈ లెక్కలో షేరు పెరిగే అవకాశం ఎంత అన్న ప్రశ్న ఎక్కడా రాలేదు. పెరుగుదలకు 70 శాతం అవకాశం ఉందని నమ్మి, 30లో 70 శాతం తీసి 21 రూపాయలు ధర కట్టడం కొత్తవారు తరచూ చేసే పొరపాటు. ఆ నమ్మకం ఇప్పటికే 180 అనే షేరు ధరలో కలిసిపోయి ఉంటుంది. ఇంకో షరతు కూడా ఉంది: వడ్డీతో పెరిగిన 180 రూపాయలు, అంటే 180.90, రెండు కొమ్మల మధ్యే ఉండాలి. లేకపోతే షేరుతోనో అప్పుతోనో ఉచిత లాభం దొరుకుతుంది, చెట్టు చెల్లదు.

అసలు పరీక్ష కొమ్మల బయట. గడువు నాడు షేరు 180 దగ్గరే ఉంటే జోడీ విలువ 12, కాల్ విలువ సున్నా. అమ్మినవారికి 12 మిగులుతుంది. 220కి చేరితే జోడీ 36, కాల్ 40. 4 రూపాయలు తక్కువ పడతాయి. 2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు కంపెనీ లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ రాసిన లేఖ బయటపడ్డాక సత్యం షేరు ఒక్కరోజులోనే 40 రూపాయల దగ్గరికి కూలింది. పై జోడీలో 0.6 వాటా విలువ అప్పుడు 24 రూపాయలు, అప్పు మాత్రం దాదాపు 96. కాల్‌ ఎందుకూ కొరగానిదైనా, దాన్ని అమ్మి ఈ జోడీతో రక్షణ పొందామనుకున్నవారికి 72 రూపాయల నష్టం. అందుకున్న ప్రీమియానికి ఇది దాదాపు ఆరు రెట్లు.

ఆ రోజుల్లో దేశంలో షేర్ల ఆప్షన్లు గడువుకు ముందే వాడుకోగల అమెరికన్ తరహావి. 2011 జనవరి నుంచి యూరోపియన్ పద్ధతికి మారాయి. గడువులోపు డివిడెండ్ లేని షేరుపై కాల్‌ను ముందే వాడుకోవడం లాభం కాదు కాబట్టి ఈ లెక్క రెంటికీ ఒకటే.

గడువును చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి, ప్రతి అంచెలో డెల్టాను సరిచేస్తూ పోతే చెట్టు ఫలితం బ్లాక్-షోల్స్ సూత్రానికి చేరువవుతుంది. అయితే ఎన్ని అంచెలు పెట్టినా, ధర మధ్యలో ఎక్కడా ఆగకుండా ఒక్కసారిగా పడిపోతే జోడీని సరిచేసే వ్యవధే ఉండదు. కాబట్టి చెట్టు చెప్పిన ధరను నమ్మేముందు అడగాల్సిన ప్రశ్న షేరు పెరుగుతుందా తగ్గుతుందా అన్నది కాదు, కింది కొమ్మ కంటే దిగువకు అది పడగలదా అన్నది.